వంచి చూడాల్సిందే

బజారు మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయనకి కోపం ముక్కు మీదే ఉండేది. ఎవరు ఏ బూటు తెచ్చినా ముందు దాన్ని వేళ్ల దగ్గర వంచి చూసేవాడు. "అడుగు అరిగితే కొత్త అడుగు వేస్తాను. మడత దగ్గర పైతోలు పగిలిందా, సూది దిగిన చోటల్లా ఇంకా చిరుగుతుంది. పారేసి కొత్తవి కొనుక్కో!" అని మొహం మీదే చెప్పేవాడు.

ఆ మాట అందరికీ వర్తించేది, ఆయన బూట్లకి తప్ప. వాన పడితే చాలు, ఆయన మేజోళ్లు తడిసి తుమ్ములు మొదలయ్యేవి. భార్య కొత్తవి కొనుక్కోమంటే, "నా చేతిలో సూది ఉండగా ఎందుకే?" అని కసురుకునేవాడు.

ఒకరోజు ఆవిడే వచ్చి కొట్టు ముందు వరసలో నిలబడింది. తన వంతు రాగానే సంచిలోంచి ఆయన బూటు తీసి ముందు పెట్టింది. అతుకు మీద అతుకు.

"మా ఆయనదండీ. బాగవుతుందా?" అంది, ఏమీ ఎరగనట్టు.

వెనక ఉన్నవాళ్లు మెడలు చాచారు. ఆయన అడుగు తిప్పి చూశాడు, మడమ తట్టి చూశాడు. "బాగానే ఉందే" అని గొణిగాడు.

"వంచి చూడలేదేం?"

వంచక తప్పలేదు. మడత దగ్గర అతుకు ఊడి తోలు నోరు తెరిచింది. వరసంతా గొల్లున నవ్వింది. ఆయన మీసాల చాటున నవ్వు దాచుకుని గొంతు సవరించుకున్నాడు.

"లాభం లేదమ్మా. కొత్తవి కొనుక్కోమని మీ ఆయనతో చెప్పండి."

"ఆయన ఎవరి మాటా వినే రకం కాదండీ."

"నేను చెప్పానని చెప్పండి. వింటాడు."