ఎరుపు వస్తేనే పిలుపు

నాకు అక్షరం వచ్చింది ముసలితనంలో. మా ఆయన పోయాక ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది. దాని కింద పరిగెత్తే తెలుగు అక్షరాలు ఏం చెబుతున్నాయో తెలియక ఒళ్లు మండేది. మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకామె ఉంది. ఆమె దగ్గర పలక పట్టుకుని కూర్చుని నేర్చుకున్నాను. తమిళనాడులో ఉన్న మా సోగత్తూరులో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, చదివేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. మా వాళ్లంతా బడిలో తమిళం చదివారు. నేను బడికే పోలేదు.

ధర్మపురి టౌన్లో ఎరువుల కొట్టు మీద, మేడ గదిలో మా తమ్ముడి కూతురి ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. రోజూ సద్దిగిన్నె కట్టుకుని బస్సెక్కి పోయి అక్కడ కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి తినేవాళ్లం. మిగతా సమయమంతా దానికి పని, నాకు కిటికీ. అయినా ఒక మనిషి కుర్చీలో కదులుతూ ఉంటే ఆ చప్పుడు చాలు. ఇంట్లో అది కూడా లేదు.

ఒకరోజు అన్నం తింటూ నా ముఖం చూడకుండా చెప్పింది.

"అత్తా, బెంగళూరులో నాతో కూడి ఈ పని చేసేవాడు ఒకడు ఉండాడు కదా. కస్టమర్ల పని తెర మీద ఉండేటప్పుడు బయటివాళ్లు కూచోకూడదని అంటాడు."

"నేను బయటిదాన్నా?"

"పని చేసేవాళ్లు తప్ప అందరూ బయటివాళ్లే అంట. ఈ నెల వరకే నేను వాడికి సర్దిచెప్పేది."

"సరే, నెల అయినాక నీ చారు నువ్వే కాచుకో" అన్నాను. అన్నానే గాని, మిగిలిన అన్నం గిన్నెలోనే మూత పెట్టేశాను.

దాని పని ఏమిటో అప్పటికి నాకు కొంత తెలుసు. రైతులకు విత్తనాలు అమ్మే యాప్ ఒకటి తయారవుతోంది, తమిళం, కన్నడం, తెలుగు మూడింట్లో. తయారుచేసేవాళ్లు వేరే ఊళ్లో ఉంటారు. వాళ్లు ఏదైనా మార్చినప్పుడల్లా, మార్చకూడనిది చెడిందా అని చూడడం మా పిల్ల పని. ప్రతి పేజీకీ ఒక ఫొటో ముందే దాచిపెట్టి ఉంటుంది, ఇది సరైనది అని ఒప్పుకున్న ఫొటో. స్క్రిప్టు అని అది రాసుకున్నది ఒకటి ఉంది. అది కొత్త పేజీని ఫొటో తీసి, పాతదాని మీద పెట్టినట్టు, చుక్క చుక్కనూ పోల్చి చూస్తుంది. రంగు తేడా వచ్చిన చుక్కలన్నిటికీ ఎరుపు పూసి మూడో బొమ్మ ఇస్తుంది. అక్షరాల అంచుల్లో వచ్చే సన్న తేడాలను లెక్కపెట్టవద్దని దానికి ముందే చెప్పి ఉంటుంది. పైన ఒక గీత కిందికి జరిగిందంటే చాలు, దాని కింద ఉన్నదంతా ఎర్రబడుతుంది.

ఆ నెల చివర్లో ఒక పొద్దున నేను మెట్లెక్కేసరికి తెరంతా తట్టు పోసినట్టు ఉంది. తెలుగు పేజీలన్నీ ఎరుపు. తమిళం, కన్నడం శుభ్రంగా ఉన్నాయి.

పిల్ల తెర ముందుకు వంగి ఉంది. అక్షరాల ఫాంటు మారిందేమో అని చూసింది, మారలేదు. తెర వెడల్పు చూసింది, అదే. స్క్రిప్టును మళ్లీ నడిపింది, మళ్లీ ఎరుపే. చివరికి తయారుచేసేవాళ్లకు రాయడం మొదలుపెట్టింది.

"ఏమని రాస్తా ఉండావు?"

"తెలుగు పేజీలు చెడగొట్టినారు, పాతదే మళ్లీ పెట్టండని."

"చెడిందని నీకెట్ల తెలుసు? నువ్వు చదివినావా?"

"నాకెక్కడ వస్తుంది అత్తా. చదవాల్సిన పని లేదు, నిన్నటి మాదిరి ఉందా లేదా, అంతే." రాసేది ఆపి నా వైపు తిరిగింది. "సరే, నువ్వు రా. పాతదీ కొత్తదీ చూడు."

కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. ముందు పాత ఫొటో పెట్టింది. అక్షరాలు కొన్ని తెలిసినట్టే ఉన్నాయి. కూడబలికితే మాట రావడం లేదు. నా చదువే చాలలేదేమో అనుకున్నాను. తలకట్లు చూస్తే మనవిలా లేవు. కొత్తది పెట్టమన్నాను. 'విత్తనాలు' అని ఉంది. దాని కింద 'వేరుశనగ'. వేలు పెట్టి గట్టిగా చదివాను.

"కొత్తది మనది. పాతది మనది కాదే."

"పాతది నేనే ఒప్పుకుని దాచినాను అత్తా. తెలుగే."

"ఒప్పుకుంటే తెలుగయిపోతుందా?"

పిల్ల ఎవరూ చెప్పకుండా తనే ఒక పని చేసింది. తెలుగని దాచిన పాత ఫొటోనూ, కన్నడం ఫొటోనూ తీసి, ఆ రెంటినీ స్క్రిప్టుకు ఇచ్చింది. బొమ్మ వచ్చింది. పైన మూలలో భాష పేరు ఇంగ్లీషులో ఉండే చోట చిన్న ఎర్ర మచ్చ. మిగిలిన పేజీలో ఒక్క ఎర్ర చుక్క లేదు.

మొదట్లో యాప్ వాళ్లు తెలుగు మాటల చోట కన్నడం మాటలు పెట్టి పంపారు. మా పిల్ల చూసి, గుండ్రంగా ఉంది, తెలుగే అని దాచుకుంది. అప్పటినుంచి రోజూ వచ్చే పేజీ, దాచిన ఫొటో ఒకటేనని స్క్రిప్టు చెబుతూనే ఉంది. అబద్ధం కాదు, ఒకటే. ఇప్పుడు వాళ్లే తప్పు చూసుకుని దిద్దితే ఎర్రబడింది.

"రెండూ జిలేబి మాదిరే కదా అత్తా ఉంటాయి" అంది నీరసంగా.

"జిలేబి నువ్వు తిను. చదివేది నాకు విడువు."

నవ్వింది. తర్వాత బెంగళూరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అటునుంచి మాట చాలాసేపు నడిచింది. పెట్టేశాక నా వైపు తిరిగింది.

"కొత్త ఫొటోలు ఒక్కొక్కటీ తెలుగు చదివేవాళ్లు చూసినాకనే దాచాలంట. ఎవరన్నా ఉండారా అని అడిగినాడు."

"ఏమన్నావు?"

"ఉండారు, రోజూ వస్తారు, చారు కూడా తెస్తారు అన్నాను."

కిటికీ దగ్గరున్న కుర్చీ కంప్యూటరు ముందుకు వచ్చింది. ఒక్కో పేజీ పెట్టడం, నేను చదవడం, సరే అనగానే అది దాచడం. నిదానంగా చదివాను. నిదానం నా చదువువల్ల కొంత, నాకు కావలసి కొంత. 'బుట్టలో వేయండి' అన్న చోట ఇంకా మంచి మాట లేదా అని ఒక పూటంతా వాదన పెట్టాను. పిల్లకు తెలిసిపోయిందేమో, తొందర పెట్టలేదు.

అయినా పేజీలు అయిపోయాయి. మరునాడు స్క్రిప్టు నడిచింది. ఎరుపు లేదు. ఆ తర్వాతా లేదు.

"మారకపోతే చూసే పని లేదు అత్తా" అంది, మళ్లీ నా ముఖం చూడకుండా. "ఎరుపు వస్తే ఫోన్ చేస్తాను. నువ్వు లేకుండా తెలుగు ఫొటో మార్చను."

ఆ మాట నిలబెట్టుకుంది. ఒకసారి ఫోను వచ్చింది. బస్సు దొరికేసరికి సద్దిగిన్నె చల్లారిపోయింది. మెట్లెక్కి చూస్తే తెలుగు పేజీ మీద, కుడివైపు, గోరంత ఎరుపు. కొత్తగా ఒక గడియారం పెట్టారట. ఫొటో ఫొటోకూ టైము మారుతుంది కదా, అదే ఎర్రబడింది. అందులో చదవడానికి అంకెలు తప్ప ఏమీ లేవు. పిల్ల ఆ చోటు చుట్టూ గడి గీసి, అక్కడ చూడవద్దని స్క్రిప్టుకు చెప్పింది.

"ఇంక ఇది రాదు అత్తా."

"రానీయకు" అన్నాను.

ఇద్దరం తిన్నాం. అది పనిలో పడింది. నేను కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. కుర్చీ మీద ఏవో వైర్లు పెట్టి ఉన్నాయి, తీయమని అడగలేదు.

ఇప్పుడు టీవీ కింద పరిగెత్తే అక్షరాలు చదువుతూ ఉంటాను. ఫోను పక్కనే పెట్టుకుంటాను. ఆ యాప్ వాళ్లు మంచి పనివాళ్లు. ఏమీ చెడగొట్టడం లేదు.