రాని వడ్డీని పంచమన్నారు

పోపులడబ్బాలో పైసలు దాచుకునే ఆడబుద్ధి అని నిండు సభలో ఒక పెద్దమనిషి నన్ను అన్నాడు. చాలామంది నవ్వారు. అలా నవ్విన మగవాళ్ల ఇళ్లలో నెలాఖరు రోజులు గడిచేది ఆ డబ్బా పుణ్యాన్నే అని నాకు తెలుసు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. నాంపల్లిలో తెలుగులో చదువు చెప్పే ఒక ప్రైవేటు ఆడపిల్లల బడిలో నేను లెక్కల టీచరును. మా బడి, ఆబిడ్స్ వైపు ఉన్న మరి రెండు మూడు బడులు కలిసి ఒక సహకార పరపతి సంఘం పెట్టుకున్నాయి. పంతుళ్లు, గుమస్తాలు, చప్రాసీలు, ఆయాలు అందరూ సభ్యులే. నెలనెలా ఇంత అని దాచుకోవడం, అవసరమొస్తే తక్కువ వడ్డీకి అప్పు తీసుకోవడం, అంతే దాని పని. బయట వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా మమ్మల్ని కాపాడింది అదే. ఆబిడ్స్ వెనక గల్లీలో, పుస్తకాలు కుట్టే దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకున్నాం. జీతం లేని పని కనుక ఖజాంచీగా ఉండటానికి ఎవరూ ముందుకు రాలేదు. లెక్కల టీచరమ్మ ఉందిగా అన్నారు. అలా అది నా నెత్తిన పడింది.

సంఘానికి సెక్రటరీ ఆబిడ్స్ బడిలో పనిచేసే ఒక సార్. మంచి మాటకారి. నలుగురు చేరితే నవ్వించకుండా వదలడు. ఆ ఏడు లెక్కలు ముగించేసరికి మునుపెన్నడూ లేనంత మిగులు కనిపించింది. ధరలు ఆకాశాన్నంటుతున్న రోజులు. బియ్యానికి, బట్టకు, కిరోసిన్‌కు వరసల్లో నిలబడుతున్నాం. సర్వసభ్య సమావేశం ఇంకా జరగకముందే సెక్రటరీ ప్రతి బడికీ తిరిగి, "ఈసారి మిగులంతా పంచుతున్నం, పండుగ చేసుకోండ్రి" అని చెప్పేశాడు.

కార్యవర్గం కూర్చున్నప్పుడు నేను అడ్డం పడ్డాను.

"అంతా ఎట్ల పంచుతం సార్? పావు వంతు రిజర్వు ఫండుకు పోవాలె. అది కానూను. మనం చేతులెత్తినా మారదు."

"పావు వంతు పోనియ్యండ్రి. మిగిలింది పంచుదం."

"మిగిలిన దాంట్ల సగానికి సగం ఇంకా చేతికి రాని వడ్డీ. కాగితం మీద ఉన్నది, పెట్టెల లేదు. ఆడిటరు గూడ జర చూసుకోమని రాసిండు."

"గది ఇయ్యాల కాకుంటే రేపొస్తది."

"వచ్చినంక పంచుదం మరి."

ఆయన నవ్వుతూ మిగతా వాళ్ల వైపు చూశాడు. అక్కడున్నవాళ్లెవరూ నవ్వలేదు, చూపులు పక్కకు తిప్పుకున్నారు. ఎందుకంటే గడువు దాటినా వడ్డీ కట్టని పెద్ద అప్పుల్లో ఒకటి ఆ సెక్రటరీ సారుదే. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్నాడు. డివిడెండు చేతికొస్తే దాన్ని తన బాకీలో జమ కట్టించుకోవాలని ఆయన ఆలోచన. అంటే తను కట్టని వడ్డీని లాభమని లెక్కవేసి, ఆ లాభంలోంచే తన బాకీ తీర్చుకుంటాడన్నమాట. ఇంత అన్యాయాన్ని అంత తియ్యగా చెప్పగలిగినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

చివరికి అధ్యక్షుడు కలగజేసుకున్నారు. ఆయన పింఛను పుచ్చుకున్న హెడ్మాస్టరు, మాకందరికీ పెద్దసారు. "మీరే సభ్యులకు ఒక ఉత్తరం రాయండమ్మా, ఎందుకు పంచలేకపోతున్నమో. చదువుకుంటే వాండ్లకే తెలుస్తది" అన్నారు.

ఆ ఉత్తరం రాయడానికి నాకు చాలా తంటా అయింది. దఫ్తరు భాష ఉర్దూ. కానీ మా ఆయాలకు, ఊళ్లనుంచి వచ్చిన చప్రాసీలకు ఎవరైనా చదివి వినిపిస్తే అర్థమయ్యేది తెలుగే. అందుకని తెలుగులోనే రాశాను. మిగులులో నాలుగో వంతు రిజర్వు ఫండుకు వెళ్తుందని, అది ఏ ఒక్కరిదీ కాదని, సంఘం వదిలి వెళ్లేవాళ్లు కూడా అందులో వాటా అడగలేరని, అప్పు మునిగి నష్టం వచ్చిన రోజున మీ డిపాజిట్లు చెక్కుచెదరకుండా కాచేది అదేనని రాశాను. తరువాత అసలు సంగతి. మనం లాభమని చెప్పుకుంటున్నదాంట్లో కొంత ఇంకా రానే లేదు, వాయిదా దాటిన వడ్డీ అది. దాన్ని కూడా పంచాలంటే ఆ పైకం పెట్టెలో ఉన్న మీ డిపాజిట్లలోంచే తీయాలి. ఒకరు దాచుకున్న సొమ్ము తీసి ఇంకొకరికి లాభమని ఇవ్వడం అవుతుంది. అందుకే ఆ మేరకు పక్కన పెట్టి, వసూలైనాక పంచుదామని నా మనవి. ఎవరి పేరూ రాయలేదు.

సెక్రటరీ దాన్ని సైక్లోస్టైల్ మీద ప్రతులు తీయించి పంచే బాధ్యత తీసుకున్నాడు. కాగితాలు మా బడికి వచ్చిన రోజున, పిల్లలు భోజనాలకు వెళ్లిన వేళ, మా ఆయా తన కాగితం పట్టుకొని నా దగ్గరకొచ్చింది. ఆమెది మెదక్ వైపు పల్లె. పెనిమిటి పోయాక కూలికి వచ్చి, బడిలో కుదిరింది.

"జర సదివి చెప్పండమ్మా. మీరు రాసిన్రంట గద."

చదువుతూ పోయాను. రిజర్వు ఫండు సంగతి అయిపోయింది. వెంటనే "కావున సభ్యులు సహకరించవలెను" అని వచ్చింది. కింద నా పేరు. వెనక్కి తిప్పాను, ఖాళీ. రాని వడ్డీ గురించి నేను రాసిన ముక్క మొత్తం ఎగిరిపోయింది.

"ఏందమ్మా, ఆగిన్రు?" అంది ఆయా.

"నేను రాసింది పూర్తిగా లేదిండ్ల."

"మల్ల మీ పేరు ఉన్నది గద."

నా పేరు మీద సగం మాట. సగం మాట ఒక్కోసారి అబద్ధం కన్నా చెడ్డది. ఆ ఉత్తరం చదివినవాళ్లకు పావు వంతు పోగా మిగిలిందంతా తమదేనని, దానికి ఖజాంచీ కూడా ఒప్పుకుందని అనిపిస్తుంది.

ఆ సాయంత్రమే టాంగా కట్టించుకొని ఖైరతాబాద్‌లో పెద్దసారు ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అంతా విన్నారు.

"ఆయనకు జాగ సాలలేదేమో అమ్మా. ఒక్క కాగితంల పట్టాలె గద."

"వెనకంత ఖాళీగనే ఉన్నది సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనల మనం బజార్ల పడొద్దు. జర పెద్దమనసు చేసుకోండ్రి."

తప్పు చేసినవాడికి ఎవరూ ఏమీ చెప్పరు, దెబ్బతిన్నవాళ్లకు మాత్రం పెద్దమనసు చేసుకోమని చెబుతారు. చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను. పెద్దలతో అలా ప్రవర్తించడం నా జీవితంలో అదే మొదలు.

సమావేశం మా బడి హాల్లోనే, అప్పట్లో బడులకు సెలవు రోజైన శుక్రవారంనాడు పెట్టారు. బల్లలు నిండిపోయాయి. సెక్రటరీ లెక్కలు చదివి, పావు వంతు తీసి తక్కినదంతా డివిడెండుగా పంచాలని తీర్మానం పెట్టాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, నాకు చెప్పుకోవలసింది ఉందన్నాను. పోపులడబ్బా మాట వచ్చింది అప్పుడే. నవ్వులు ఆగేదాకా నిలబడే ఉన్నాను. తరువాత నా చేతిరాతలో ఉన్న అసలు ఉత్తరం తీసి, కాగితంలో రాకుండా పోయిన ముక్కను మొదట్నుంచి చివరిదాకా చదివాను.

"ఇది మీకు అందలేదు. నేనైతే రాసి ఇచ్చిన" అన్నాను. "ఇప్పుడు మీరే చెప్పండ్రి. పెట్టెల లేని పైసలు పంచాలంటే ఎవరి డిపాజిట్ల నుంచి తియ్యమంటరు? పేరు చెప్పండ్రి, రాసుకుంట."

సెక్రటరీ లేచి, "టీచరమ్మగారు అనవసరంగ ఫికర్ చేస్తున్రు. అందరూ ఇజ్జతు గల్ల మనుషులే, వడ్డీ యాడికి పోదు" అన్నాడు.

వెనక బల్లలోంచి ఒక గుమస్తా నిదానంగా అడిగాడు: "సార్, మీది కట్టిన్రా?"

"సొంత సంగతులు సభల ఎందుకు?"

"సొంత సంగతి కాదు సార్. గది మా లాభం అంటున్రు గద."

సెక్రటరీ కూర్చుండిపోయాడు. పెద్దసారు గొంతు సవరించుకొని, నా మాటను సవరణగా తీసుకొని చేతులెత్తమన్నారు. సంఘంలో ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే చెయ్యి. ఆయా చెయ్యి, హెడ్మాస్టరు చెయ్యి సమానం. కొద్దిపాటి తేడాతో నా మాట నెగ్గింది. వసూలు కాని వడ్డీ మేరకు సొమ్ము పక్కన పెట్టి, మిగిలింది పంచాలని తీర్మానమైంది. ఒక్కొక్కరికి వచ్చిన డివిడెండు చాలా చిన్నది.

గెలిచానని సంబరపడే భాగ్యం నాకు లేదు. సభ ముగింపులో సెక్రటరీ సేవలకు ధన్యవాదాలు చెప్పారు. నా ఊసు లేదు. తరువాత సభలో జరిగింది రాసిపెట్టే మినిట్సు పుస్తకం చూస్తే, "ఖజాంచీ సాహెబా కొంత మాట్లాడారు" అని ఒక్క ముక్క ఉంది. నా ఉత్తరం పూర్తి పాఠం జతచేసేదాకా ఆ పుస్తకం మీద సంతకం పెట్టనన్నాను. కొన్ని వారాలు అది అలాగే ఆగింది. చివరికి పెద్దసారే దగ్గరుండి అంటింపజేశారు. ఈలోగా మా బడి టీచర్ల గదిలో నాతో చాయ్ తాగేవాళ్లు తగ్గిపోయారు. పండగ బట్టలకు నేనే అడ్డం పడ్డానట. బాకీ పెట్టినవాళ్ల మీద మాత్రం ఎవరికీ కోపం లేదు.

ఆ వానాకాలం మా ఆయా ఇంటి కప్పు కూలింది. ఆమె ఉండేది అఫ్జల్‌గంజ్ అవతల, మూసీ ఒడ్డున. పొద్దున్నే తడిసిన చీరతో వచ్చి, దాచుకున్నదంతా కావాలంది. అదే నెలలో ఇంకా చాలామంది డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. ధరలకు ఎవరూ తాళలేకపోయారు. అందరికీ అడిగిన రోజే లెక్కపెట్టి ఇచ్చాను. ఆయా కొంగున ముడేసుకొని, "నా పైసలే గద, సల్లగుండాలె" అని వెళ్లిపోయింది. అడిగింది దొరికింది కనుక, అది ఎందువల్ల దొరికిందో ఎవరూ ఆలోచించలేదు. దొరక్కపోయి ఉంటే మాత్రం తిట్టడానికి ఖజాంచీ పేరు అందరి నోట్లో ఉండేది.

మరుసటి ఏడు నన్ను తప్పించారు. మర్యాదగానే. "ఇంటి పని, బడి పని, ఎంతని చేస్తరు, జర ఆరాం తీసుకోండ్రి" అన్నారు. సెక్రటరీ అప్పటికి బాకీలో కొంత కట్టాడు. కానీ ఆ కుర్చీలో ఆయనే ఉన్నాడు. నా స్థానంలో వచ్చినాయన ఆబిడ్స్ బడి డ్రాయింగు మాస్టరు. పోపులడబ్బా మాటకు మొదట నవ్వినవాళ్లలో ఆయన ఒకడు.

పుస్తకాలు కుట్టే దుకాణం పైగదిలో పెట్టె తెరిచి, పైకం ఆయన ఎదుట లెక్కపెట్టి, తాళాలు, రిజర్వు ఫండు పాసుబుక్కు అప్పజెప్పాను. రసీదు రాయమని కాగితం ముందుకు జరిపాను.

"రసీదెందుకమ్మా, మనోళ్లమే గద" అన్నాడు.

"మనోళ్లం గాబట్టే రాయండ్రి" అన్నాను. ఆయన రాసి సంతకం పెట్టేదాకా కదలకుండా అక్కడే కూర్చున్నాను.