ఇద్దరు ముగ్గురు, మధ్యలో నా రాగం

పలమనేరు పశువుల సంత గేటు దగ్గర సుంకం చీటీలు చించి ఇచ్చే ఆ రోజుల్లో, బడి ఎనిమిదో తరగతితో ఆగినా, నాకు తెలియని సంగతి భూమ్మీద లేదనుకునేవాణ్ణి. (ఇప్పటికీ మారలేదని ఇంటావిడ అంటుంది.) వాన పడితే మా చిన్న ప్రార్థన మందిరానికి నలుగురే వచ్చేవాళ్లం. పాస్టరు అయ్యగారు ఖాళీ చాపల వైపు చూసి, "ఇద్దరు ముగ్గురు నా పేరట కూడితే చాలన్నాడు ప్రభువు" అని సర్దుకునేవాడు. నాకు ఒళ్లు మండేది! మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఆ మాట హాజరు తగ్గినందుకు ఊరడింపు కాదు. సహోదరుడు తప్పు చేస్తే ఏం చెయ్యాలో చెప్పే చోటిది. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి, సంఘం మాటా వినకపోతే వాణ్ణి అన్యుడిగా, ఆ కాలంలో అందరూ ఛీకొట్టే సుంకరిగా ఎంచుకోవాలి. అలా ఏకమై తేల్చే ఇద్దరు ముగ్గురి మధ్యనే ఆయన ఉంటానన్నాడు.

ఈ జ్ఞానాన్ని వాడే అవకాశం మందిరంలో తబలా వాయించే అన్న ఇచ్చాడు. నాకు పాటలు నేర్పిందీ, నాకున్న ఒకే ఒక్క స్నేహితుడూ ఆయనే. అలాంటివాడు క్రిస్మస్ పాటల సాధనలో అందరి ముందూ తబలా ఆపి, "అబ్బా, నువ్వు పాడొద్దు. నోరు మాత్రం ఆడించు, సాలు" అన్నాడు. ఆడవాళ్ల వరసంతా నవ్వింది. (నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న పిల్ల అందులోనే ఉంది.) ఇక అన్నతోనూ, మందిరంతోనూ తెగతెంపులే అనుకున్నాను. మర్నాడే మా చిన్నాయననూ, సైకిల్ షాపు మామనూ వెంటేసుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

"నువ్వు నాకు తప్పు చేసినావన్నా. వీళ్లు సాక్షులు. వినకుంటే సంఘానికి చెప్తా. ఆడా వినకుంటే నిన్ను సుంకరి కింద జమ కడతా!"

"సుంకరా? సంత గేటు కాడ సుంకం వసూలు చేసేది నువ్వే గదప్పా!"

మామకు టీ పొలమారింది. (నా సాక్షి!) అన్న మాత్రం నవ్వలేదు. "సాక్షులకు ముందర ఇంగో మెట్టుండాది. మనిద్దరమే ఉన్నప్పుడు చెప్పమన్నాడు. అట్టా ఒక్కడివే ఎప్పుడొచ్చినావు?"

ఆ మెట్టు నేనూ చదివాను. ఒంటరిగా వెళితే ఏడ్చేస్తానని దాటేశాను.

ఆ సాయంత్రం గేటు దగ్గరికి ఆయనే ఒంటరిగా వచ్చాడు. "నువ్వు రాలేదు, నేనొచ్చినా. నలుగుర్లో నిన్ను అనింది నా తప్పు, మన్నించు. నలుగురికి తెలిసేట్టు జనాన్ని తోలుకొచ్చింది నీ తప్పు."

"మరి నా రాగం?"

"అది తప్పే, అప్పా. సుంకరులతో ప్రభువు కూసోని అన్నం తిన్నాడు గదా? పద, తిందాం."

వింటే సహోదరుణ్ణి సంపాదించుకున్నట్టే అని ఆ అధ్యాయంలోనే రాసుంది. ఎవరు ఎవరిని సంపాదించారో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఇప్పటి కుర్ర అయ్యగారూ వానరోజున అదే మాట చెబుతాడు, నేను అలాగే మండిపడతాను. పక్క కుర్చీలో అన్న ఉంటాడు, చెవులు పూర్తిగా పోయాయి. నేను గొంతెత్తి పాడుతుంటే నా పెదవులనే చూస్తూ, బాగుందన్నట్టు తలాడిస్తాడు.