చెవికి అందని తెల్ల పేజీ

మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యే నెలలో, ఆమెకు తెలియకుండా ఒక చీర కొనాలనుకున్నాను. నాకు చూపు పోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచి నా చొక్కాల రంగు దగ్గర్నుంచి ఇంట్లో కొనే ప్రతిదీ ఆవిడే చూసి చెప్పాలి. ఈ ఒక్కటీ ఆవిడ చెప్పకుండా కొనాలని నా ఆశ.

మంగళగిరి చేనేత చీరలమ్మే ఒక దుకాణానికి ఫోన్ చేశాను. ఆ దుకాణం అమ్మాయి ఓపిగ్గా వర్ణించింది.

"ముదురు ఆకుపచ్చండి. సన్న జరీ అంచు. ఇది ఒక్కటే మిగిలిందండి. సైట్‌లో ఆర్డరు పెట్టేయండి సార్, మాకు అన్నీ అందులోనే వస్తాయి."

ఆకుపచ్చ నాకు గుర్తుంది. వరి పొట్టకొచ్చే ముందు ఉండే ఆకుపచ్చ.

మధ్యాహ్నం ఆవిడ డ్యూటీలో ఉండగా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంది నాకు. ఫోన్‌తో డబ్బు పంపితే మెసేజీ ఆవిడకీ వెళ్తుంది, మాది ఉమ్మడి ఖాతా. అందుకని నా ఒక్కడి పేరు మీదున్న కార్డు తీసుకున్నాను. అంకెలన్నీ నాకు కంఠస్థం. నింపి, 'పే' అన్నచోట నొక్కాను.

ఏమీ వినిపించలేదు.

పేజీ లోడవుతోందేమో అనుకుని ఆగాను. కిందికీ పైకీ మీటలు నొక్కితే దుకాణం పేరు, బుట్ట, ఫోన్ నంబరు చదువుతోంది. కార్డు వివరాలు నింపిన చోట మాత్రం మౌనం. ఓటీపీ రాలేదు. డబ్బు పోయిందో ఉందో తెలియదు. మళ్లీ నొక్కితే రెండుసార్లు పోతుందేమోనని భయమేసింది. బ్యాంకుకి ఫోన్ చేస్తే, "మా దాకా ఏ రిక్వెస్టూ రాలేదు సార్" అన్నారు. మొదట్నుంచీ మళ్లీ నింపాను. మళ్లీ అదే మౌనం.

దుకాణానికి ఫోన్ చేశాను.

"స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది సార్?" అందా అమ్మాయి.

"నాకు కనిపించదమ్మా."

ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించి, "పక్కన ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది.

ఎవరూ లేరు. ఎవరూ ఉండకూడదనే కదా ఆ వేళ ఎంచుకున్నది. ఫోన్ పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చూపు పోయిన కొత్తలో కుర్చీలో అలాగే కూర్చునేవాణ్ని.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాను. "ఏమైందండీ?" అని అడిగితే ఇక ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. చీర మాట ఎత్తకుండా, పేజీ కదలడం లేదని మాత్రం చెప్పాను. వంగి చూసింది.

"మధ్యలో అంతా తెల్లగా ఉందండీ. పైన అడ్రసు చివర ఏదో చిన్న బొమ్మ ఉంది."

"ఏం బొమ్మ?"

"కన్ను. దాని మీద అడ్డంగా గీత."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నొక్కితే, బయటి సైట్ల కుకీలను ఆపేశామని రాసుందట. అప్పుడు అర్థమైంది. కార్డు వివరాలు తీసుకునే ఆ పెట్టె దుకాణం వాళ్లది కాదు. వేరే కంపెనీది తెచ్చి దుకాణం పేజీలో అతికిస్తారు. నన్ను గుర్తుపెట్టుకోవడానికి ఆ కంపెనీ కుకీ అనే చిన్న గుర్తును నా కంప్యూటర్లో ఉంచాలి. దాన్ని బ్రౌజర్ ఉంచనివ్వకపోయేసరికి, 'పే' నొక్కాక అది ఎవరి లావాదేవీయో తెలియక పెట్టె ఖాళీగా నిలిచిపోయింది. ప్రకటనల గోల తప్పుతుందని నేను పనిచేసే కాలేజీలో ఒక సహోద్యోగి, నా మేలు కోరే, అవన్నీ ఆపేసి ఇచ్చాడు. ఆ ఆపిన సంగతి చెప్పేది ఒక బొమ్మ. నాకు ఎలా తెలుస్తుంది?

ఆవిడ ఆ ఒక్క సైట్‌కి అనుమతిచ్చింది. పేజీ మళ్లీ తెరుచుకుంది. నేను కార్డు చేతిలోకి తీసుకున్నాను.

ఆవిడ మౌస్ రెండుసార్లు నొక్కిన చప్పుడైంది.

"ఏమైంది?"

"స్టాకు లేదని ఉందండీ. చీర బొమ్మ ఇంకా కనిపిస్తోంది. చాలా బావుంది. ఎవరికండీ?"

కార్డు జేబులో పెట్టేసుకున్నాను. ఆవిడకు జవాబు అక్కర్లేకపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం బస్సెక్కి మంగళగిరి వెళ్దాం లెండి" అంది.

వెళ్లాం. ఆవిడే ఏరుకుంది, ఆవిడే రంగు చెప్పింది. రిటైర్మెంటు రోజున వార్డు నర్సులంతా చుట్టూ చేరి, "సార్ సెలెక్షనా మేడం?" అని అడిగారు. "అవును" అని గట్టిగా చెప్పింది ఆవిడ. నేను తల ఊపాను. అంతకంటే ఏం చేయాలో నాకు తోచలేదు.