పుల్లమజ్జిగ లేని వీధి

ఒంగోలులో బేకరీ పెట్టిన కొత్తల్లో, సాయంత్రం చర్చిలో జరిగే పెళ్లికి లోపలంతా ఎర్రగా ఉండే రెడ్ వెల్వెట్ కేకు ఒప్పుకున్నాను. మధ్యాహ్నం పైపొర కోసి చూస్తే లోపల ఇటుక రంగు. కెమిస్ట్రీ చదివిన పాపానికి కారణం వెంటనే తెలిసింది. వెనిగర్ నిండుకుంది, మా ఆవిడేమో అప్పుడే చిలికిన కమ్మటి మజ్జిగ పోసింది. పులుపు చాలక వంటసోడా మిగిలిపోయి, కోకో ముదురు గోధుమరంగుకు తిరిగి, మేం వేసిన ఎరుపును మింగేసింది.

"పెళ్లివాళ్లకి పుల్లమజ్జిగ పోస్తారటండీ ఎవరైనా?" అంది ఆవిడ.

గిన్నె పట్టుకుని వీధిన పడ్డాను.

"పిన్నిగారూ, పుల్లమజ్జిగ ఉందాండి?"

"మా ఇంట్లో పుల్లదెందుకుంటుంది బాబూ!" అంటూ ఇంటింటా మీగడ తేలే కమ్మటిదే పోశారు. మర్యాదతో మనిషిని చంపొచ్చని ఆ రోజు తెలిసింది.

చివరికి నూడుల్స్ బండివాడిని బతిమాలి వెనిగర్ తెచ్చి, ఆ మజ్జిగలోనే కలిపి, సోడా తగ్గించి, కొత్త పిండితో ఇంకో కేకు ఓవెన్‌లో పెట్టాను. ఈలోగా పెళ్లికూతురి తండ్రి వచ్చి కూర్చున్నారు. కేకు బయటికి తీసి, పైపొర కోశాను. లోపల ఎరుపే.

"ఏంటండీ, అంత చెమట?" అన్నారాయన.

"ఓవెన్ పక్కన కాస్త ఉక్కగా ఉంటుందండి," అన్నాను.