పిల్లలందరిదీ ఒకే బరువు

యంత్రాల పెట్టెలో అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది. పైన "వాడే ముందు చదవండి" అని ఉంటుంది. వాడే ముందు ఎవరూ చదవరు, పాడయ్యాక వెతుకుతారు. అలాంటివి రాసిపెడుతూ నేను చాలా ఊళ్ళు తిరిగాను. కుట్టుమిషన్లకు రాశాను, నీటి పంపులకు రాశాను, ఒకసారి శవపేటికలు ఎత్తే క్రేనుకు కూడా రాశాను. కానీ ఎక్కువ రోజులు కూర్చున్నది మాత్రం పసిపిల్లల్ని తూచే త్రాసులు చేసే ఒక చిన్న కంపెనీలో. కింద షెడ్డు, పైన రెండు గదులు, మొత్తం పన్నెండు మంది. అక్కడ పరిచయమైన మనిషే బాబాయ్.

ఆయన ఎవరికీ బాబాయ్ కాడు. యాభై ఏడేళ్ళ మనిషి, కాలరు గుండీ ఎప్పుడూ పెట్టుకుని ఉండేవాడు, చెవి మీద పెన్సిలు. త్రాసు లోపలి చిప్‌లో నడిచే ప్రోగ్రామంతా పదకొండేళ్ళ కిందట సి భాషలో ఒంటిచేత్తో రాసింది ఆయనే. యజమాని కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాడు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి మాట ఒకటుండేది: "యంత్రం అబద్ధమాడదు. మనమే ఆడతాం." ఈ మాట నేను నా పుస్తకంలో మొదటి పేజీలో వేద్దామనుకుని మొహమాటపడి మానేశాను. మానేయడమే మంచిదైంది.

ఆ ఏడాది ఆయన కింద ఒకావిడ చేరింది. నలభై దాటిన మనిషి. పెళ్ళికి ముందు ఇదే పని చేసి, పిల్లల కోసం పదేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ వచ్చింది. షెడ్డులో సోల్డరింగ్ చేసేవాళ్ళు ఆవిడకు "తిరుగుటపా" అని పేరు పెట్టారు. ఆవిడకు తెలిసి, "పర్లేదులే, చిరునామా మాత్రం మారలేదుగా" అని నవ్వేసింది. బాబాయ్‌కి ఆవిడంటే ఇష్టం. తన టిఫిన్ డబ్బా మూతలో ఆవిడకు సగం పెట్టేవాడు. ఆవిడా ఆయన్ని వరసపెట్టినట్టే బాబాయ్ అనేది.

ఆవిడకు మొదటిసారి అప్పజెప్పిన పని చిన్నది. త్రాసు తూచాక ఒక కాగితం చీటీ అచ్చేస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే చీటీ మధ్యలో ఆగిపోతోందని ఫిర్యాదులు. అందుకని అచ్చుకు ముందు బ్యాటరీ ఎంత ఉందో చూసి, ఆ అంకె తెర మూలన చూపించాలి. ఆవిడ దానికో ఫంక్షన్, అంటే ఆ ఒక్క పని చేసే ప్రోగ్రాము ముక్క, రాసి, చీటీ వేసే చోట దాన్ని పిలిచే ఒక్క లైను చేర్చింది. బల్ల మీద పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. బల్ల మీది త్రాసు ఎప్పుడూ గోడ కరెంటు మీదే ఉంటుంది. గోడ కరెంటు ఉంటే బ్యాటరీని చూసే పనే పెట్టుకోకుండా ఆ ఫంక్షన్ వెంటనే వెనక్కి వస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పదిహేను రోజులకు, ఆ ప్రోగ్రాముతో త్రాసు వెళ్ళిన ఒక ప్రసూతి ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు మెత్తగా ఉంది, మాట మాత్రం మెత్తగా లేదు. "మా దగ్గర పొద్దుటి నుంచి ముగ్గురు పుట్టారండీ. ముగ్గురూ కూడబలుక్కుని పుట్టినట్టున్నారు. మొదటివాడు మూడు పాయింట్ ఏడు ఒకటి, రెండోదీ మూడు పాయింట్ ఏడు ఒకటే, మూడోది మూడు పాయింట్ ఏడు సున్నా. ఆ మూడోది నా రెండు అరచేతుల్లో పడుతోంది." తెర మీద ఒకటి పాయింట్ ఎనిమిది నాలుగు అని ఉందట. చీటీ ఒక మాట, తెర ఒక మాట. ఆ పసికందుకు చీటీలో ఉన్న బరువు చూసే మందు ఇవ్వాలి. నర్సు చీటీని నమ్మలేదు కాబట్టి సరిపోయింది.

అక్కడ త్రాసు బ్యాటరీ మీద నడుస్తోంది. మూడు పాయింట్ ఏడు ఒకటి బ్యాటరీ వోల్టులు. పిల్లల బరువు ఉండాల్సిన చోట బ్యాటరీ బలం అచ్చయింది.

ఆ మధ్యాహ్నం పొడుగు బల్ల చుట్టూ అందరూ చేరారు. నేనూ ఉన్నాను. బాబాయ్ గోడ ప్లగ్గు పీకేసి, రెండు కిలోల రాయి పెట్టి చీటీ వేశాడు. మూడు పాయింట్ ఆరు తొమ్మిది వచ్చింది. తిరుగుటపా చేర్చిన లైను తీసేసి మళ్ళీ వేశాడు. రెండు పాయింట్ సున్నా సున్నా. లైను పెట్టాడు, తప్పు. తీశాడు, ఒప్పు. మూడుసార్లు చేశాడు, చేతిలో ఏమీ లేదని చూపించే గారడీవాడిలా. ఆ తరువాత ఆవిడ వైపు చూడకుండా, "మీ లైనేనమ్మా" అన్నాడు. అంతకన్నా రుజువేం కావాలి? నేనూ తలూపాను.

ఆవిడ "సరే బాబాయ్" అంది, చెవులు ఎర్రబడ్డాయి. యజమాని ఆవిడను ప్రోగ్రాము ముట్టుకోవద్దన్నాడు. మర్నాటి నుంచి కింద షెడ్డులో త్రాసులకు రాళ్ళు పెట్టి సరిచూసే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. మూడు నెలల పరీక్షాకాలం ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఆ తరువాత ఉంచుకోవాలా వద్దా అన్నది బాబాయ్ చెప్పే మాట మీద ఆధారపడి ఉంది.

ఆ లైను పని బాబాయ్ తన మీద వేసుకున్నాడు. ముందుగా దాన్ని ఒక మెట్టు పైకి జరిపాడు, బరువు అంకెలు అడగకముందే బ్యాటరీ చూసేటట్టు. చీటీ సరిగ్గా వచ్చింది. యజమాని వీపు తట్టి వెళ్ళాడు. తప్పు పోయినందుకు సంతోషించాల్సిన మనిషి అక్కడే కూర్చుండిపోయాడు. లైను అదే. జాగా మారితే మంచిదెలా అయింది? బ్యాటరీని చూసే ఫంక్షన్ తన అంకెలు తనలోనే రాసుకుని, తనలోనే చూపించుకుని, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పోతోంది. అది బరువును ముట్టుకోనే లేదు.

అప్పుడు తన ఫంక్షన్ తెరిచాడు. పదకొండేళ్ళ కిందటిది. బరువును అక్షరాలుగా మార్చేది. దాని లోపల పదహారు అక్షరాలు పట్టే ఒక అరే, అంటే వరసగా పదహారు గడులున్న జాగా. అందులో బరువు రాసి, ఆ అరే చిరునామాను వెనక్కి పంపుతోంది.

ఇది నాకు ఆయన తరువాత చెప్పాడు, కాగితం మీద గీసి. నేను నాకు అర్థమైన తీరులో చెబుతాను. ఒక ఊళ్ళో కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. నా పీరియడ్ అయ్యాక బోర్డు మీద లెక్క అలాగే వదిలి, "జవాబు ఆ గది బోర్డు మీద ఉంది, వెళ్ళి చూసుకో" అని ఒక పిల్లను పంపేవాణ్ణి. వెంటనే వెళితే కనబడేది. ఎవరూ తుడవలేదు కాబట్టి కనబడేది, అంతే తప్ప ఆ బోర్డు ఇంకా నాదని కాదు. గంట కొట్టాక అది తరువాతి టీచరుది. ఆవిడ వచ్చి అదే చోట భూగోళం రాస్తే, నా మాట నమ్మి వెళ్ళిన పిల్ల భూగోళాన్నే లెక్క జవాబనుకుని ఎక్కించుకునేది.

ఫంక్షన్ లోపలి అరే కూడా అంతే. ఫంక్షన్ ముగిసేసరికి ఆ జాగా మీద దానికి హక్కు పోతుంది. చిరునామా మాత్రం చేతిలో మిగులుతుంది. పదకొండేళ్ళూ బాబాయ్ ప్రోగ్రాము ఆ చిరునామా అందుకున్న మరుక్షణం, మధ్యలో ఇంకే ఫంక్షన్నీ పిలవకుండా, అక్షరాలు తీసుకుని అచ్చుకు పంపేది. ఎవరూ తుడవలేదు. తిరుగుటపా లైను ఆ రెంటి మధ్యకు వచ్చింది. ఆవిడ ఫంక్షన్ కూడా తన అంకెల కోసం అంతే కొలత జాగా అడిగింది, ఫంక్షన్లన్నీ వంతులవారీగా వాడుకునే స్టాక్‌లో సరిగ్గా ఆ ఖాళీ జాగాయే దొరికింది. ఆవిడకు దొరికిన చోటు ఆవిడదే. పోయిన హక్కును పట్టుకుని వేలాడింది బాబాయ్. గోడ కరెంటు మీద ఆవిడ ఫంక్షన్ ఏమీ రాయకుండా వచ్చేసేది కనుక, అక్కడ పాత బరువే మిగిలి ఉండి పరీక్షల్లో గట్టెక్కింది.

ఈ సంగతి పసిగట్టడానికి, ప్రోగ్రామును చిప్ భాషలోకి మార్చే కంపైలర్‌కు ఒక్క క్షణం పడుతుంది. లోపలి అరే చిరునామాను బయటికి పంపుతున్నావని అది హెచ్చరిస్తుంది. పదకొండేళ్ళ కిందటా హెచ్చరించే ఉంటుంది. చిప్ తయారీదారు ఇచ్చిన ఫైళ్ళు వందల కొద్దీ హెచ్చరికలు కక్కుతున్నాయని బాబాయ్ అప్పట్లోనే అన్నిటి నోరూ మూయించాడు. ఇప్పుడు తెరిచాడు. వంద అరుపుల మధ్య అది కూడా ఉంది, లైను నంబరుతో సహా. పాత ఫిర్యాదుల ఫైలూ తీశాడు. ఇన్నేళ్ళలో నాలుగు చీటీలు పిచ్చి అక్షరాలతో వచ్చాయి. చిప్‌లో పని మధ్యలో దూరే ఏదో అంతరాయం సరిగ్గా ఆ రెప్పపాటులో వచ్చి ఆ జాగాలో తన గొడవ రాసుకుని ఉంటుంది. నాలుగింటి మీదా బాబాయ్ చేతిరాత: "ప్రింటరు మురికి."

ఇదంతా తెలిసింది మంగళవారం. తొమ్మిది రోజులు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణాలు దొరుకుతూనే ఉంటాయి. చీటీలు సరిగ్గానే వస్తున్నాయి కదా. లైను జాగా మార్చాం కదా. తీరిక చూసి అసలుదీ మార్చేద్దాం, ఎవరికీ చెప్పకుండా. టిఫిన్ డబ్బా మాత్రం పైన తినలేక, కిందికి తీసుకుపోలేక, నిండుగా ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఆయన భార్య మూత తీసి చూసి, "ఎవరి కడుపు కొట్టొచ్చారు?" అని అడిగిందట. ఆవిడ ఎప్పుడూ అనే మాటే, సరదాగా. ఆ రోజు ఆయన లేచి వెళ్ళి స్నానాలగదిలో తలుపు వేసుకున్నాడట.

పదో రోజు కిందికి వెళ్ళాల్సి వచ్చింది. తిరుగుటపా రాళ్ళ పెట్టె పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక నోటుబుక్కు. తన ఇరవై లైన్లూ చేత్తో రాసుకుని, ఒక్కొక్క దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. పేజీలకు పేజీలు అదే.

"బాబాయ్, ఒక్క నిమిషం. నా లైన్లలో తప్పెక్కడుందో చెప్పండి. పది రోజుల నుంచి చూస్తున్నాను, దొరకట్లేదు. ఉద్యోగం గురించి కాదు, మళ్ళీ చెయ్యకుండా ఉంటానని. పదేళ్ళు ఇంట్లో ఉంటే బుర్ర తుప్పు పట్టినట్టుంది."

బాబాయ్ ఆ నోటుబుక్కు తీసుకున్నాడు. చెవి మీది పెన్సిలు తీశాడు. మొదటి ప్రశ్నార్థకం కొట్టేశాడు. రెండోది కొట్టేశాడు. అలా ఇరవై కొట్టేశాక కొత్త పేజీలో తన ఫంక్షన్ రాశాడు, చూడకుండా, కామాతో సహా. అరే చుట్టూ గీత గీశాడు. ఆవిడకు అరనిమిషం కూడా పట్టలేదు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన వారం. మంగళవారం."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పోట్లాడుతుందనుకున్నాడట. పోట్లాడితే బాగుండేదట. "ఆ రోజు పైన అందరి ముందూ అన్నారు. అక్కడే చెప్పండి" అని మాత్రం అంది.

మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే చెప్పాడు. నేనూ ఉన్నాను. ప్లగ్గు పీకలేదు, రాయి పెట్టలేదు. నిలబడి, తన ఫంక్షన్ గురించీ, మూయించిన హెచ్చరికల గురించీ, నాలుగు పాత చీటీల గురించీ చెప్పాడు. తొమ్మిది రోజుల గురించి కూడా చెప్పాడు. ఆ ముక్క మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాడు. యజమాని తల వంచుకుని పెన్నుతో ఆడుకున్నాడు. ఆ రోజు తలూపిన నేను కూడా నా పుస్తకం వైపు చూసుకున్నాను.

మార్పు తిరుగుటపాయే చేసింది. "పిలిచినవాళ్ళే తమ అరే ఇవ్వాలి, ఫంక్షన్ అందులో రాసిపెట్టాలి. చీటీ అచ్చయ్యేదాకా ఆ జాగా పిలిచినవాళ్ళదే" అని చెప్పి, అలాగే రాసింది. ప్లగ్గు పీకి, తన బ్యాటరీ లైనును మొదట పెట్టిన చోటే పెట్టి రాయి తూచింది. రెండు పాయింట్ సున్నా సున్నా. అమ్మిన త్రాసులన్నిటికీ కొత్త ప్రోగ్రాము ఎక్కించడానికి బాబాయ్ తానే సంచీ సర్దుకుని ఊరూరా బయల్దేరాడు. ఆ పెద్ద నర్సు దగ్గరికే మొదట వెళ్ళాడు. ఆ మూడో పసికందు అప్పటికి రెండు పాయింట్ ఒకటి రెండు.

ఆవిడ ఉద్యోగం నిలిచింది. హెచ్చరికలన్నీ ఇప్పుడు తెరిచే ఉంటాయి. భోజనాల వేళ బాబాయ్ ఇప్పటికీ డబ్బా మూత ఆవిడ వైపు జరుపుతాడు. ఆవిడ మర్యాదగా తీసుకుంటుంది, ఒక ముద్ద.

"థాంక్సండీ సార్" అంటుంది.

ఆ కంపెనీ పన్నెండు మందిలో ఆయన్ని సార్ అని పిలిచేది ఆవిడొక్కతే.