హైమవతి గారి మూడో కాగితం

హైమవతి గారిని "కాయ పండిందా అండీ?" అని అడిగితే అవునని గానీ కాదని గానీ జవాబు రాదు. ముందు తీపి శాతం వస్తుంది, తర్వాత పులుపు శాతం, ఆ తర్వాత గదిలో తేమ. ఈలోగా అడిగినవాళ్ళు వెళ్ళి టీ తాగి రావచ్చు. నేనెన్నోసార్లు తాగొచ్చాను.

హనుమాన్ జంక్షన్ దగ్గర మా రైతు సంఘానికి మామిడికాయలు మాగబెట్టే గదులు మూడున్నాయి. వాటి టెక్నీషియన్ ఆవిడ. పదకొండేళ్ళుగా రోజూ నూజివీడు నుంచి బస్సులో వస్తున్నారు. ఆవిడ రాసినవి టైపు చేయడం నా పని. మేనేజర్ నారాయణరావు గారు ఇక్కడికి రాకముందు ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో చేశారు. మంచి మనిషే. కాకపోతే చేతికొచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, గది తలుపుకి అంటించి, అందులో ఏముంటే అది అక్షరాలా చేయిస్తారు.

మే నెలలో ఒక గదిలో బంగినపల్లి కాయలు సగమే రంగు తిరిగాయి. లోపలి ట్రేలన్నీ పచ్చిగానే ఉన్నాయి.

"గ్యాస్ చాల్లేదమ్మా, రెట్టింపు పెట్టండి" అన్నారు మేనేజర్ గారు. కాయలు మాగడానికి వదిలే ఆ గ్యాస్ సిలిండర్ల గది తాళం ఆయన జేబులోనే ఉంటుంది.

సోమవారం చాట్రాయి నుంచి సాంబయ్య లోడు వస్తోంది. తోట కౌలుకి తీసుకున్న మనిషి, ఏడాది కష్టమంతా ఒక్క గదిలోకి రాబోతోంది. సగం పచ్చిగా ఉంటే కొనేవాడు లారీ వెనక్కి తిప్పుతాడు. గ్యాస్ ఎందుకు పెంచకూడదో ఆవిడ శుక్రవారం కూర్చుని రెండు పేజీలు రాశారు. ఇథిలీన్, రెస్పిరేషన్, పీపీఎం, అన్నీ ఉన్నాయి.

మేనేజర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు, తీసి చదివారు. "ఇందులో నన్నేం చేయమన్నారమ్మా?" అన్నారు.

ఆవిడకి ఒళ్ళు మండింది. కోపంలో రెండో కాగితం రెండే ముక్కల్లో రాసిచ్చారు. "కాయలకు ఊపిరాడటం లేదు. తలుపు తీయాలి." మేనేజర్ గారు ఎంతో సంతోషించి వెంటనే అంటించారు. శనివారం పరీక్షకని పది ట్రేలు పెట్టి చూస్తే, తలుపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బార్లా తెరిచే ఉంది. గ్యాసంతా ఎటో పోయింది. తప్పు ఆయనది కాదు, కాగితంలో ఎంతసేపని లేదు.

"తేలిగ్గా రాయమంటే సగం తీసేసి రాశాను స్వాతీ" అన్నారు ఆవిడ. మొహం చిన్నబోయింది. నేను వేళాకోళం చేద్దామనుకుని మానేశాను.

ఆదివారం కూడా ఆఫీసుకొచ్చి మూడోది రాశారు. ఒక్కో వాక్యం నాకు చదివి వినిపించి, "ఇది వింటే నువ్వేం చేస్తావు?" అని అడిగేవారు. నా జవాబు తేడాగా ఉంటే కొట్టేసేవారు. అంకెలు తీసేయబోయి ఆగారు. అంకె లేకపోతే మళ్ళీ తలుపు బార్లానే. చివరికి ఇలా కుదిరింది:

"గ్యాస్ కాయను పండించదు. పండటం మొదలుపెట్టమని చెబుతుంది, అంతే. అందుకు పది వేల పాళ్ళ గాలిలో ఒక పాలు చాలు. పండేటప్పుడు కాయ కూడా మనలాగే వాడిన గాలి వదులుతుంది. అది గదిలో నూటికి ఒక పాలు దాటితే గ్యాస్‌ను సరిగా పనిచేయనివ్వదు. మొన్న నాలుగు పాళ్ళు ఉంది. గ్యాస్ పెంచినందువల్ల ఆ గాలి పోదు. గ్యాస్ పెట్టిన రోజు పన్నెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు తలుపు తీసి, మూసి, గ్యాస్ మళ్ళీ మొదటి కొలతకే తేవాలి. లేత కాయకు మాత్రం ఏం చేసినా అసలు రుచి రాదు."

మేనేజర్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారే చదివారు. సంతకం పెట్టి అంటించారు.

మంగళవారం సాంబయ్య వచ్చి తలుపు అద్దంలోంచి చూశాడు. కాయలింకా ఆకుపచ్చగానే ఉన్నాయి. "సార్, మీకు దణ్ణం పెడతాను, గ్యాస్ కాస్త పెంచండి" అన్నాడు. మేనేజర్ గారి చెయ్యి జేబులోని తాళంచెవుల మీదకి పోయింది. పక్క గదిలో హైమవతి గారు కుర్చీలోంచి లేచారు.

"పెంచితే లాభం లేదయ్యా" అన్నారు ఆయన, చెయ్యి బయటికి తీసి. "మొదలుపెట్టమని చెప్పడమే దాని పని. చెప్పేశాం. ఇక కాయ వదిలే గాలిని బయటికి పంపడమే మన పని. నీ కాయ ముదిరిందేగా? అయితే మూడు రోజులాగు."

కాగితం తలుపు మీదే ఉంది. ఆయన దానివైపు చూడనైనా లేదు.

శుక్రవారం లోపలి ట్రేలతో సహా గదంతా పసుపురంగు తిరిగింది. సాంబయ్య లారీ కదిలాక మేనేజర్ గారు నా బల్ల దగ్గరికొచ్చారు. "చూశావా స్వాతీ, ఇంత చిన్న విషయానికి హైమవతి గారు రెండు పేజీలు రాశారు. దీనికి అంత చదువెందుకు, ఎవరికైనా తెలిసేదేగా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతుంటే హైమవతి గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన వెళ్ళేదాకా వదల్లేదు.

"ఊరుకోవే" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "సాంబయ్యకి ఒక్క ముక్క తప్పు చెప్పలేదు ఆయన."